వంగే బొటనవేలు, వంగని మామ

భూపాలపల్లిలో ఒక ఇంటి అరుగు మీద వాదన ఒక కుర్రాడి బొటనవేలి దగ్గర మొదలైంది. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న పక్కింటి అబ్బాయి అతను. ఇంకో ఏడాది కోచింగ్‌కు పంపాలా, లేక హన్మకొండలో తెలిసినవాళ్ల సెల్‌ఫోన్ దుకాణంలో పెట్టాలా అని వాళ్ల నాన్నకు సందేహం వచ్చింది. చేతులు చూస్తాడని పేరున్న మామ దగ్గరకు తీసుకొచ్చాడు. మామ గీతల జోలికి పోలేదు. కుర్రాడి కుడిచేతి బొటనవేలి కొసను పట్టుకుని వెనక్కి నెట్టాడు. అది విల్లులా వంగింది. "దుకాణమే నయం. వీనికి పట్టు తక్కువ" అని తీర్పు చెప్పేశాడు.

మామ బొగ్గుబావిలో ట్రామర్‌గా టబ్బులు తోసి రిటైరైన మనిషి. చేతులు చూసినందుకు పైసా తీసుకోడు, చాయ్ పోస్తే చాలు. ఆ రోజు ఊరికి వచ్చిన మేనల్లుడు హన్మకొండలో ఫిజియోథెరపిస్టు. రోజంతా విరిగిన చేతులు, బిగుసుకుపోయిన వేళ్లు చూసే పని అతనిది. తండ్రీ కొడుకులు లేచి వెళ్లబోతుంటే కూర్చోమన్నాడు.

"ఏం చూసి చెప్పినవు మామా?"

"బొటనవేలు అంటే మనిషి సంకల్పం అల్లుడా. గోరున్న కణుపు ఇచ్ఛాశక్తి. దాని కింది కణుపు తర్కం. అడుగున ఉబ్బెత్తుగ ఉండేది శుక్రస్థానం, అది ప్రేమ. పై కణుపు పొడుగ్గ, గట్టిగ ఉంటే పట్టిన పని ఇడువడు. కింది కణుపు పొడుగైతే ఆలోచన ఎక్కువ, ఆచరణ తక్కువ. ఇగ కొస ఎనక్కి వంగిందంటే మనసు మెత్తన, చేయి పలుచన. ఎవలు ఏమడిగినా ఇస్తడు, ఎవలు ఏం చెప్పినా వింటడు. వంగకుంట నిటారుగ ఉన్నోడు మొండోడు, జాగ్రత్తపరుడు. ఇది నేను చెప్పింది కాదు, కీరో రాసింది. మన రుషులు అంతకుముందే చెప్పిన్రు."

మామ చెప్పిన దాంట్లో మొదటి సగం నిజమే. ఐర్లండ్‌లో పుట్టిన విలియం జాన్ వార్నర్ 'కీరో' పేరుతో 1894లో హస్తసాముద్రికం మీద పుస్తకం వేశాడు. వంగే బొటనవేలుకు ఔదార్యం, దుబారా, వంగనిదానికి పట్టుదల అని పంచింది అందరికంటే ఎక్కువగా ఆయన పుస్తకాలే. తెలుగులో ఫుట్‌పాత్‌ల మీద దొరికే చేతి పుస్తకాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది. పేచీ అంతా రుషుల దగ్గర.

"రుషులు ఏం చెప్పిన్రు మామా? ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితల చేతుల లక్షణాలు చెప్పిండు. బొటనవేలు మీద యవ గుర్తు, అంటే కీలు దగ్గర గీతలు రెండు కలిసి బార్లీగింజ లెక్క కనపడే గుర్తు, అది ఉంటే ధనవంతుడన్నడు. వేలి మొదట్ల ఉంటే కొడుకులు పుడ్తరన్నడు. పైసలు, సంతానం. సంకల్పబలం మాట అక్కడ లేదు. బొటనవేలును పట్టుకొని ఇది ఇచ్ఛాశక్తి, ఇది తర్కం అని కణుపులు పంచింది ఫ్రాన్సుల. దార్పంతిన్యీ అని నెపోలియన్ సైన్యంల పనిచేసిన ఆఫీసరు 19వ శతాబ్దం మొదటి సగంల రాసిండు. ఆయన ఎనుక దెబరోల్ 1859ల ఇంకో పుస్తకం ఏసిండు. కీరో ఆ తొవ్వలనే వచ్చిండు."

మామ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "ఎవలు చెప్తేంది? ఫ్రాన్సోడు చెప్పిండని సూది మందు పనిచేస్తలేదా? పుట్టిన ఊరు కాదు, ఫలితం చూడు."

ఇది సరైన సమాధానం. ఒక సిద్ధాంతం పాతదా కొత్తదా, మనదా పరాయిదా అన్నది దాని నిజానిజాలను తేల్చదు. అల్లుడు కూడా ఒప్పుకున్నాడు. సంచిలోంచి గోనియోమీటర్ తీశాడు. మధ్యలో మేకుతో కలిపిన రెండు ప్లాస్టిక్ పుల్లలు, ఒకదాని మీద డిగ్రీల వృత్తం, అంతే ఆ పరికరం.

కుర్రాడి చెయ్యి బల్ల మీద పెట్టించి, చిటికెనవేలి వైపు కిందికి, బొటనవేలు పైకి వచ్చేలా తిప్పాడు. గోరు కింది కీలు పక్కన మేకు ఆనించి, ఒక పుల్లను కింది కణుపు పొడవునా, ఇంకో పుల్లను గోరున్న కణుపు పొడవునా ఉంచాడు. "నీ అంతట నువ్వే ఎనక్కి వంచు" అన్నాడు. వేలు 35 డిగ్రీల దగ్గర ఆగింది. తర్వాత తన వేలితో మెల్లగా నెట్టాడు. 60 దాటింది. ఎడమచేతిదీ దాదాపు అంతే.

"చూసినవా మామా, రెండు కొలతలు వచ్చినయి. వాడు సొంతంగ వంచింది ఒకటి, నేను నెడితే వంగింది ఒకటి. నువ్వు ఎప్పుడు చూసినా నెట్టే చూస్తవు. నెట్టింది నువ్వు, సాగింది కీలు ముందట ఉన్న లిగమెంటు. వాని సంకల్పానికి అందుల పనేమున్నది? ఇంకోటి, నువ్వు ఎంత గట్టిగ నెడితే అంత వంగుతది. పొద్దుగాల చలికి ఒక లెక్క, మధ్యాహ్నం ఇంకో లెక్క. గట్టిగ పట్టే ముసలాయన చూస్తే వీడు దానకర్ణుడు, మెల్లగ పట్టేటాయన చూస్తే పిసినారి."

మామ నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. "అందరియి ఒకే తీరు నెట్టు, అయినా ఒకనిది వంగుతది, ఒకనిది వంగదు. ఆ తేడా ఏడికెల్లి వచ్చింది?"

అల్లుడు కుర్రాడితో ఇంకో పని చేయించాడు. మణికట్టు ముందుకు వంచి బొటనవేలిని ముంజేతికి ఆనించమన్నాడు. సులువుగా ఆనింది. చిటికెన వేలిని వెనక్కి నెడితే నిట్టనిలువుగా లేచి ఇంకా వెనక్కి పోయింది. కీళ్లు ఎంత సాగుతాయో లెక్కగట్టే బైటన్ స్కోరులో ఇవీ ఉంటాయి. బొటనవేళ్లు, చిటికెనవేళ్లు, మోచేతులు, మోకాళ్లకు రెండేసి చొప్పున ఎనిమిది, నడుము వంచి అరచేతులు నేలకు ఆనిస్తే ఒకటి, మొత్తం 9. కుర్రాడికి చేతివేళ్లవి నాలుగూ వచ్చాయి. "మీ అమ్మ వేళ్లు ఎట్లుంటయి?" అని అడిగితే, జడ వేసుకునేటప్పుడు అమ్మ వేళ్లు ఇంకా వెనక్కి పోతాయని చెప్పాడు. అది తల్లి నుంచి వచ్చిన సాగుడు. పిల్లల్లో, ఆడవాళ్లలో ఈ సాగుడు ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. మామ లెక్క ప్రకారమైతే వయసు ముదిరిన ప్రతివాడికీ సంకల్పబలం పెరిగి తీరాలి. తిండి దగ్గర పథ్యం పాటించలేని పెద్దవాళ్లు ఎందరో ఇళ్లలో కనపడుతూనే ఉంటారు.

పైగా వంగే వేలు, వంగని వేలు అని రెండు జాతులు లేవు. 1949లో హారిస్, జోసెఫ్ అనే ఇద్దరు ఎక్స్‌రేలు తీసి బొటనవేలి కీళ్లు ఎంత వెనక్కి వెళ్తాయో కొలిచారు. బొత్తిగా వంగనివాటి నుంచి బాగా వంగేవాటి దాకా మధ్యలో ఎక్కడా తెంపు లేకుండా కొలతలు వచ్చాయి. 1953లో గ్లాస్, కిస్ట్లర్ వంశపారంపర్యం గురించి రాస్తూ 50 డిగ్రీలను హద్దుగా పెట్టుకున్నారు. అది వాళ్లు గీసుకున్న గీత. మరి 48 డిగ్రీలున్నవాడు మొండివాడా, మెత్తనివాడా? హస్తసాముద్రికుడు డిగ్రీలు కొలవడు కాబట్టి ఆ ఇబ్బంది అతనికి రాదు.

"సరే, నీది చూపియ్యి మామా."

మామ కుడిచెయ్యి చాపాడు, గర్వంగానే. గోరు కింది కీలు ఇసుమంతైనా వెనక్కి పోలేదు. ముందుకు కూడా సగమే వంగింది. కీలు చుట్టూ ఎముక కాస్త లావెక్కి, దాని మీద తోలు ముడతలు పోయి నున్నగా ఉంది. ఎడమచెయ్యి పడితే అక్కడ 40 డిగ్రీలు వచ్చాయి.

"ఒక్క మనిషికి రెండు సంకల్పాలా?"

మామ ఇలాంటిది ఎన్నోసార్లు విన్నట్టుగా తల ఊపాడు. "ఎడమచేయి దేవుడిచ్చింది, కుడిచేయి మనం చేసుకున్నది. పుట్టుకతోని నేను మెత్తనోన్నే. బతుకు నన్ను గట్టిగ చేసింది. కీరో గూడ గట్లనే చెప్పిండు."

"నిన్ను గట్టిగ చేసింది బతుకు కాదు మామా, ట్రాక్టర్ ట్రాలీ. పొలం కాడ కొక్కెంల పిన్ను పెడుతుంటే వేలు నలిగింది, నేను చిన్నప్పుడు చూసిన. కీలు లోపల ఎముక పగిలితే మానినంక గిట్లనే బిగుసుకపోతది. ఆ పిన్ను పడకముందు నువ్వు కుడిచేతి బొటనవేలు చూసుకొని ఏమనుకునేటోనివి?"

ఈ దెబ్బకు మామ కొంచెం వెనక్కి తగ్గాడు గానీ, వదల్లేదు. దెబ్బ తగిలిన వేళ్లు లెక్కలోకి రావని, తన గురువు కూడా ఆ మాట చెప్పాడని అన్నాడు. అల్లుడికి కావలసింది అదే. దెబ్బను పక్కన పెడితే, ఇంకా పక్కన పెట్టాల్సినవి చాలా ఉన్నాయి. మధుమేహం ఎన్నాళ్లో అదుపు తప్పి ఉంటే వేళ్ల చర్మం, కీళ్ల చుట్టూ కణజాలం దళసరెక్కి బిగుసుకుంటాయి. నమస్కారం పెట్టమంటే అరచేతులు, వేళ్లు పూర్తిగా ఒకదానికొకటి ఆనవు, మధ్యలో సందు మిగులుతుంది. అది సాధారణంగా చిటికెన వేలి వైపు మొదలై మిగతా వేళ్లకు పాకుతుంది. ఆ చేతిని పట్టుకుని 'నిటారు బొటనవేలు, ఉక్కు సంకల్పం' అని మెచ్చుకున్నవాడు, నిజానికి చక్కెర పరీక్షకు పంపాల్సిన మనిషిని ఇంటికి పంపినట్టే.

శుక్రస్థానం సంగతీ అంతే. ఆ ఉబ్బు బొటనవేలిని అరచేతి మీదికి తెచ్చే కండరాలది. మణికట్టు దగ్గర మీడియన్ నరం చాన్నాళ్లు నొక్కుకుపోతే అక్కడి కండ కరిగి పల్లమవుతుంది. రాత్రుళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతోందా అని వైద్యుడు అడుగుతాడు. సాముద్రికుడు ప్రేమ తగ్గిందంటాడు.

ఇక మామ తన తురుపుముక్క తీశాడు. ఊళ్లో ఒకాయన ఉన్నాడట, బొటనవేలి కొస పొట్టిగా, వెడల్పుగా, గోరు అడ్డంగా ఉంటుందట. కోపం వస్తే కళ్లు కనపడవు. పాత పుస్తకాలు ఇలాంటి గద బొటనవేలికి హంతకుడి వేలు అని పేరు పెట్టాయి. తర్కం లేని మూర్ఖపు పట్టు, అదుపు లేని ఆవేశం దాని ఫలమని రాశాయి.

"ఆ వేలు నేను రోజూ చూస్త మామా. గోరున్న ఎముక మొదట్ల పెరిగే పొర చిన్నతనంలనే మూసుకపోతది. ఎముక పొడుగు పెరుగుడు ఆగుతది, వెడల్పు మాత్రం పెరుగుతది. వంశంల వస్తది. ఒక చేతికే ఉన్నోళ్లు గూడ ఉన్నరు. మగవాళ్లకంటె ఆడవాళ్లల్లనే ఎక్కువ కనపడతది. హంతకులల్ల ఆడవాళ్లే ఎక్కువనా మరి? నీకు ఆ కోపిష్టాయన యాదికున్నడు, ఎందుకంటె కోపంతోని యాదికున్నడు. అదే వేలు పెట్టుకొని చప్పుడు చేయకుంట బతికేటోళ్ల వేళ్లు నువ్వు చూడనే లేదు."

మామ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత వేసిన ప్రశ్నే ఈ వాదనలో అన్నిటికంటే బరువైనది. "నువ్వు ఎముకలు చూస్తవు. నేను మనిషి చేయిని ఎట్ల పట్టుకుంటడో చూస్త. పుట్టిన పిల్ల బొటనవేలును పిడికిట్ల దాచుకుంటది. లోకం తెలిసిన కొద్దీ అది బయటికి వస్తది. సచ్చేటప్పుడు మళ్ల లోపలికి పోతదని పుస్తకాలల్ల ఉన్నది. ఇంటర్వ్యూకు పోయే పిల్లలు బొటనవేలు లోపల పెట్టి పిడికిలి పట్టుకుంటరు, నేను చూసిన. ధీమా ఉన్నోని బొటనవేలు చెయ్యికి దూరంగ నిలబడతది. మరి సంకల్పం, బొటనవేలు రెండిటికీ సంబంధం లేదంటవా?"

అల్లుడు దీన్ని కొట్టిపారేయలేదు. పసిపిల్లలు పిడికిలిలో బొటనవేలు దాచడాన్ని వైద్యులూ గమనిస్తారు. మొదటి నెలల్లో అది మామూలే. నాలుగైదు నెలలొచ్చినా వేలు ఎప్పుడూ లోపలే బిగిసి ఉంటే మెదడు నుంచి కండరాలకు వెళ్లే అదుపులో ఏదో తేడా ఉందేమోనని పరీక్షిస్తారు. అంటే బొటనవేలి భంగిమ నిజంగానే లోపలి సంగతి చెబుతుంది. అయితే ఏ సంగతి? ఆ క్షణంలో కండరం ఎంత బిగిసిందో, నరం ఆ కండరానికి ఏం చెబుతోందో అది చెబుతుంది. ఇంటర్వ్యూ గది బయట పిడికిలి బిగించిన పిల్లవాడు సాయంత్రం క్రికెట్ ఆడేటప్పుడు అదే చేతిని బార్లా చాపుతాడు. భయాన్ని చూసి స్వభావం అనుకోవడం దగ్గరే మామ దారి తప్పింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కోణం కూడా ఇలాంటిదే. బాగా ఇరుకైతే పిరికి, లోభి, లంబకోణానికి దగ్గరైతే స్వతంత్రుడు అని పుస్తకాల మాట. ఆ కోణం వేలి మొదట్లో, మణికట్టు దగ్గర, గుర్రపు జీనులాంటి కీలు నుంచి వస్తుంది. ఆ కీలు అరిగితే వేలు లోపలికి వాలుతుంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలు కాలి మచ్చ పడితే ఇరుకవుతుంది.

"అన్నీ సరే అల్లుడా. నేను చెప్పింది ఎంతమందికి సరిపోయిందో ఈ కాలనీల అడుగు."

"రే హైమన్ అని అమెరికాల ఒక సైకాలజిస్టు ఉండె మామా. పడుచు వయసుల ఆయన గూడ నీ లెక్కనే చేతులు చూసేటోడు. అందరూ సరిగ్గ చెప్పినవంటుంటే ఆయనకే నమ్మకం కుదిరింది. ఒకసారి స్టాన్లీ జాక్స్ అనే ఆయన దోస్తు, చేతిల ఉన్నదానికి ఉల్టా చెప్పి చూడమన్నడు. చెప్పిండు. వచ్చినోళ్లు అప్పుడు గూడ మస్తుగ సరిపోయిందన్నరు. ఆయన ఆన్నుంచి ఆ పని ఇడిచిపెట్టి, జనం ఎందుకు నమ్ముతరో చదువుకున్నడు."

మామ ముఖంలో మొదటిసారి నిజమైన కుతూహలం కనిపించింది. ఉల్టా చెప్పడం ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

అప్పుడే పరీక్ష ఆలోచన వచ్చింది. బీడీ గానీ గుట్కా గానీ మానేస్తానని ఒట్టు పెట్టుకున్న 20 మందిని తేవాలి. కొందరు ఏడాదికి పైగా మానినవాళ్లు, కొందరు మళ్లీ మొదలుపెట్టినవాళ్లు. ఎంతమంది ఎటువైపో మామకు చెప్పకూడదు. దుప్పటి అడ్డం కట్టి, దాని కంతలోంచి కుడిచెయ్యి మాత్రమే బయటికి పెట్టాలి. మాటలుండవు, ముఖం కనపడదు. చెయ్యి చూసి మామ 'మానిండు' లేదా 'మానలే' అని ఒక్కటే మాట చెప్పాలి. బొమ్మా బొరుసూ వేసినా 10 దాకా సరిపోతాయి. 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిపోతే అది ఉత్త అదృష్టం అనుకోవడం కష్టం, వందసార్లలో రెండుసార్లే అలా జరుగుతుంది. మామ 15 తెస్తే, ఆ పక్కింటి అబ్బాయి సంగతి మళ్లీ మాట్లాడదామని అల్లుడు ఒప్పుకున్నాడు. అప్పటిదాకా వేలు చూసి కోచింగ్ మాన్పించొద్దని తండ్రికి చెప్పాడు.

మామ ఇక్కడ అడ్డం తిరిగాడు, అదీ సరైన చోటే. "బీడీ మానినోడు సంకల్పం ఉన్నోడా? నేను బీడీ మానిన. కల్లు మానలే. డ్యూటీకి ఒక్కరోజు లేటు కాలే. మీ అత్త చెప్పిన పని మాత్రం ఏడాది దాక చెయ్యలే. నాది ఏ బొటనవేలు?"

దీనికి అల్లుడి దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఇష్టమైన తీపి ముందు పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తామని పిల్లలను పరీక్షించిన వాల్టర్ మిషెల్ ప్రయోగం గురించి చెప్పాడు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందుంటారని చాన్నాళ్లు అనుకున్నారు. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లలతో చేసి చూస్తే ఆ సంబంధం చాలా పలచబడింది, ఇంటి పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే మరీను. సంకల్పం అనే దాన్ని ఒక్క కొలతతో పట్టుకోవడం సైకాలజీకే కుదరనప్పుడు, దాన్ని బొటనవేలితో ఎలా పోల్చి చూస్తాం?

"అంటే నీ పరీక్ష గూడ తప్పే" అన్నాడు మామ, సంబరంగా.

"తప్పు కాదు, చిన్నది. బీడీ ఒక్కదాని మీదనే చెప్పు. అది గూడ చెప్పలేకపోతే జీవితం మొత్తం మీద ఎట్ల చెప్తవు?"

మామ షరతులు పెట్టడం మొదలుపెట్టాడు, అల్లుడు కాగితం మీద రాసుకున్నాడు. ఎవరిని తీసెయ్యాలో ముందే చెప్పాలి, ఫలితం వచ్చాక తీసెయ్యడానికి వీల్లేదు. దెబ్బ తగిలిన వేళ్లు వద్దు. కాలిన చేతులు వద్దు. కీళ్లనొప్పులున్నోళ్లు వద్దు. చక్కెర జబ్బున్నోళ్లు అసలే వద్దు.

"బావి పని చేసి రిటైరైనోళ్ల కాలనీ ఇది మామా," అన్నాడు అల్లుడు పెన్ను ఆపి, "ఇగ 20 మందిని ఏడికెల్లి తెద్దాం?"